రోజుకు ఎన్ని పెట్టెలు? పూతరేకుల ఇంటి లెక్క

ఆత్రేయపురం: పండగ దగ్గరపడితే పూతరేకుల తయారీదారుల ఇళ్లలో ఫోను మోగుతూనే ఉంటుంది. ‘ఇంకో పది పెట్టెలే కదా’ అని ఒప్పుకొంటారు. ఆ రోజుకు పది పెట్టెలూ వెళ్లిపోతాయి. వారం తరువాత చూస్తే, ఏటా తెప్పించుకొనే కొనుగోలుదారు ఈసారి మరో ఇంటికి ఆర్డరు ఇచ్చినట్లు తెలుస్తుంది. రేకు మందంగా ఉందనో, పొడి ఒక పక్కకే చేరిందనో ఆయన ఫోను చేసి చెప్పడు. రావడం మానేస్తాడు, అంతే. ఇంటి వద్ద తయారీ సాగించేవారికి నష్టం ఎక్కువగా ఈ దారిలోనే వస్తుంది. చేతికి మించి ఎప్పుడు ఒప్పుకొన్నదీ వారికే తెలియదు.

కోనసీమ జిల్లాలోని ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇక్కడి పనిలో పెద్ద యంత్రాలేవీ లేవు. బోర్లించిన కుండ, దాని కింద మంట, పిండి నీళ్లలో తడిపిన గుడ్డ, అలవాటుపడిన చేయి, చుట్టేందుకు మరో ఇద్దరు. ఇంతే సరంజామా. యంత్రమైతే గంటకు ఎంత చేస్తుందో దానిపైనే రాసి ఉంటుంది. చేతిపనికి అలాంటి అంకె ఉండదు. దానిని తయారీదారులే కొలిచి తెలుసుకోవాలి. అందుకు ఒక నోటుపుస్తకం, గోడ గడియారం, చిన్న త్రాసు సరిపోతాయి.

ముగ్గురు మనుషులు, ఒక కుండ ఉన్న ఇంటిని నమూనాగా తీసుకొని ఆ లెక్కను కింద వివరిస్తున్నాం. ఇందులోని అంకెలు విధానం అర్థం కావడానికి వేసుకొన్నవి. ప్రతి ఇంటిలోనూ అవి వేరుగా ఉంటాయి. లెక్క కట్టే పద్ధతి మాత్రం అందరికీ ఒకటే.

మొదటి కొలత: రేకు తీసే చేయి

బియ్యాన్ని నానబెట్టి మెత్తగా రుబ్బి, పాలంత పలుచగా కలుపుతారు. ఇందుకు జయ రకం బియ్యం వాడటం ఇక్కడి ఆనవాయితీ. పలుచని గుడ్డను ఆ నీళ్లలో ముంచి వేడెక్కిన కుండపై ఒక్కసారి లాగితే క్షణాల్లో కాగితంలాంటి రేకు వస్తుంది. మంటకు ఎండు కొబ్బరాకులు వాడతారు. అవి త్వరగా అంటుకొని త్వరగా ఆరతాయి కనుక వేడి చేతిలో ఉంటుంది. అదే కారణంగా మంటను క్షణం కూడా వదిలి ఉండటానికి వీలుండదు. రేకు తీసే మహిళ ఒక చేత్తో ఆకు వేస్తూ, మరో చేత్తో గుడ్డ లాగుతూ పొగ, సెగల మధ్య కూర్చోవాలి.

‘రోజుకు ఎన్ని రేకులు తీస్తారు’ అని అడిగితే సాధారణంగా చెప్పే అంకె మొదటి గంట వేగాన్ని బట్టి చెప్పేదే. అది సరైన కొలత కాదు. ప్రతి గంటకూ విడిగా రెండు అంకెలు రాయాలి. ఒకటి మొత్తం తీసిన రేకులు, రెండోది అందులో పనికిరానివి. చిల్లు పడినవి, అంచు మాడినవి, మందంగా వచ్చినవి, కుండకు అంటుకొని చిరిగినవి అన్నీ రెండో లెక్కలోకి వస్తాయి. చిరిగిన ముక్కలను లోపలి పొరలుగా వాడుకోవచ్చు. అయినా లెక్కలో మాత్రం వాటిని మంచి రేకులుగా కలుపుకోకూడదు.

నమూనా ఇంట్లో మొదటి గంట 150 రేకులు తీస్తే 6 పోయాయి. రెండో గంటా అంతే. మూడో గంట 148 తీస్తే 8 పోయాయి. నాలుగో గంట 144కు 10 పోయాయి. అయిదో గంట 138 తీయగా 20 పనికిరాలేదు. ఆరో గంట 130కి 29 పోయాయి. వేగం తగ్గుదల కొద్దిగానే కనిపిస్తోంది. ఆరు గంటల్లో 150 నుంచి 130కి వచ్చింది. చెడిపోయేవి మాత్రం వందకు 4 నుంచి 22కు పెరిగాయి. నాలుగో గంట వరకు వందకు 7 దాటని నష్టం అయిదో గంటలో 14 దాటింది. ఈ చేయికి మేలైన పని నాలుగు గంటలేనని దీనినిబట్టి తెలుస్తోంది. అయిదో గంటలో రేకులు రావని కాదు. వచ్చిన ప్రతి ఏడింటిలో ఒకటి పోతుంది. మిగిలిన ఆరింటిలో సందేహంగా ఉన్న ఒకటి రెండింటిని ‘పర్వాలేదులే’ అని మంచి రేకుల దొంతరలో వేస్తారు. అవే చివరకు పెట్టెలోకి చేరతాయి.

చెడటానికి అలసట ఒక్కటే కారణం కాదు. కదపకుండా ఉంచిన పిండి అడుగుకు దిగుతుంది. పైనున్న నీళ్లు మొదట వాడితే తొలి రేకులు మరీ పలుచనై చిరుగుతాయి, చివరివి మందమవుతాయి. ఉదయం చురుగ్గా ఉన్నప్పుడు గిన్నెను తరచూ కలిపే చేయి, నాలుగు గంటల తరువాత ఆ సంగతి మరుస్తుంది. కుండ వేడి ఎక్కువైతే రేకు రంగు మారుతుంది, తక్కువైతే అంటుకొంటుంది. ఇందులో ఏది ఎక్కువగా జరుగుతోందో చెడిన రేకులను చూస్తేనే తెలుస్తుంది. మందపు రేకులు పెరిగితే పిండి కలపడంలో లోపం. రంగు మారినవి పెరిగితే మంటపై ధ్యాస తప్పినట్లు.

నాలుగు గంటల్లో మంచి రేకులు 144, 144, 140, 134. మొత్తం 562. ఈ ఇంట్లో ఒక పూతరేకుకు రెండు నిండు రేకులు వాడతారు. అంటే 281 పూతరేకులకు సరిపడా రేకులు రోజూ వస్తాయి. పెట్టెకు పది చొప్పున 28 పెట్టెలు. చాలా ఇళ్లలో లెక్క ఇక్కడితోనే ఆగుతుంది. రోజుకు 28 పెట్టెలు చేయగలమని అందరికీ చెబుతారు. పొరపాటు ఇక్కడే మొదలవుతుంది.

రెండో కొలత: చుట్టే చేతులు

రేకు తీయడం చూడటానికి వచ్చినవారికి ఆశ్చర్యం కలిగించే పని. చుట్టడం తేలికగా కనిపిస్తుంది. నిజానికి సమయం ఎక్కువగా పట్టేది దీనికే. ఎండిన రేకును తడిగుడ్డతో కొద్దిగా మెత్తబరచాలి. నెయ్యి అంతటా రాయాలి. చక్కెర లేదా బెల్లం పొడిని సమంగా చల్లి, మరో రేకు పరిచి, మళ్లీ నెయ్యి, పొడి వేసి, చిట్లకుండా మడిచి చుట్టాలి. తడి తక్కువైతే మడతలో పగులుతుంది. ఎక్కువైతే రేకు సాగి, నోట్లో కరగాల్సింది నమలాల్సి వస్తుంది.

నమూనా ఇంట్లో చుట్టేవారు ఇద్దరు. ఒకరు ఇంటి ఇల్లాలు, మరొకరు పక్కింటి నుంచి వచ్చే మహిళ. ఇల్లాలు గంటకు 36 చుడితే, రెండో ఆమె 28 చుడుతుంది. ఇద్దరూ కలిసి గంటకు 64. ఒక్కొక్కరు నాలుగు గంటలు కూర్చుంటారని పైకి చెబుతారు. గడియారం పెట్టి చూస్తే చుట్టడానికి దక్కేది మూడు గంటలే. మిగిలిన గంట పొడి కొట్టుకోవడం, జీడిపప్పు ముక్కలు చేయడం, కాగితంలో పొదిగి పెట్టెల్లో సర్దడం, చిరునామాలు రాయడం, ఫోనులో మాట్లాడటం, పార్సిలు ఇచ్చి రావడంలో పోతుంది. ఈ పనులను ఎవరూ పనిగా లెక్కించరు. కాని గంట మాత్రం పోతుంది.

గంటకు 64 చొప్పున మూడు గంటలకు 192 పూతరేకులు. అంటే 19 పెట్టెలు. రేకులు 28 పెట్టెలకు ఉన్నా చేతులు 19కే చాలుతున్నాయి. ఈ ఇంటి శక్తి 19 పెట్టెలే కాని 28 కాదు. పని ఎన్ని మెట్లలో సాగినా, అన్నింటికన్నా తక్కువ ఇచ్చే మెట్టే మొత్తాన్ని నిర్ణయిస్తుంది. మరో కుండ కొని, మరొకరిని రేకులు తీయడానికి పెట్టుకొన్నా ఈ ఇంటి నుంచి ఒక్క పెట్టె కూడా అదనంగా బయటకు రాదు. డబ్బాలో రేకులు పేరుకొంటాయి, కూలి పెరుగుతుంది. సర్దడం, పార్సిలు పని మరొకరికి అప్పగించి చుట్టేవారికి అరగంట మిగిల్చినా గంటకు 64 లెక్కన 32 పూతరేకులు పెరుగుతాయి. అంటే మూడు పెట్టెలు.

ఏ మెట్టు ఇరుకో తెలుసుకోవడానికి లెక్క లేకుండా కూడా ఒక గుర్తు ఉంది. సాయంత్రం పని ఆగినప్పుడు సరుకు ఏ మెట్టు ముందు పేరుకొని ఉందో చూడాలి. రేకుల దొంతర మిగిలిపోతే చుట్టడం ఇరుకు. చుట్టేవారు రేకుల కోసం చేతులు కట్టుకొని కూర్చుంటే రేకు తీయడం ఇరుకు. చుట్టిన పూతరేకులు పళ్లెంలో మిగిలి, పెట్టెలు ఖాళీగా ఉంటే సర్దడం ఇరుకు.

అన్ని పెట్టెలూ ఒకటి కావు

ఇద్దరు మూడేసి గంటలు కూర్చుంటే చేతికి వచ్చేది 360 పని నిమిషాలు. అందులో 19 సాదా చక్కెర పెట్టెలు అవుతున్నాయి కనుక ఒక్కో పెట్టెకు సుమారు 19 నిమిషాలు. డ్రైఫ్రూట్ పెట్టెకు ఇది సరిపోదు. బాదం, పిస్తా, జీడిపప్పు ముక్కలు పొర పొరకూ సర్దాలి. లావుగా ఉంటుంది కనుక చుట్టేటప్పుడు రేకు చిట్లే అవకాశం ఎక్కువ. నమూనా ఇంట్లో దీనికి 25 నిమిషాలు పట్టింది.

అందువల్ల ఆర్డర్లను పెట్టెల్లో కాక నిమిషాల్లో రాసుకోవడం మేలు. పది సాదా పెట్టెలంటే 190 నిమిషాలు. పది డ్రైఫ్రూట్ పెట్టెలంటే 250. ‘మొన్న 19 చేశాం, ఇవాళా 19 చేద్దాం’ అని అన్నీ డ్రైఫ్రూట్ ఆర్డర్లు ఒప్పుకొంటే 475 నిమిషాల పని మీద పడుతుంది. చేతిలో ఉన్నవి 360. లోటు పడిన 115 నిమిషాలు ఎక్కడి నుంచో రావాలి. ఒకటి నిద్ర నుంచి వస్తాయి, లేదా ఒక్కో పూతరేకుపై పెట్టే శ్రద్ధ నుంచి వస్తాయి. చాలాసార్లు రెండో దారే జరుగుతుంది. నెయ్యి అంచు వరకు రాయడం మానేస్తారు. పొడిని మధ్యలో ఒక కుప్పగా వేసి చుట్టేస్తారు.

నిండుగా ఒప్పుకొంటే ఏమవుతుంది?

19 పెట్టెలు చేయగలిగితే 19 ఆర్డర్లూ ఒప్పుకోవచ్చా అన్నది తరువాతి ప్రశ్న. ఒప్పుకోకూడదు. 19 అన్నది ఏ ఆటంకమూ లేని రోజు లెక్క. జల్లు పడి గాలిలో తేమ పెరిగితే రేకు పెళుసుతనం పోయి చుట్టడం కష్టమవుతుంది. బెల్లం పొడి ముద్దకడుతుంది. కరెంటు పోతే మిక్సీ తిరగదు. పక్కింటామెకు జ్వరం వస్తే సగం చేతులు పోతాయి.

రోజుకు 19 చొప్పున ఒప్పుకొన్న ఇంట్లో సోమవారం వాన పడి 12 పెట్టెలే అయ్యాయనుకొందాం. ఏడు పెట్టెలు మంగళవారానికి మిగిలాయి. మంగళవారం చేయాల్సినవి 26, చేయగలిగినవి 19. మళ్లీ ఏడు మిగులుతాయి. బుధవారమూ అంతే, గురువారమూ అంతే. ఒక్క పూట వాన వల్ల వచ్చిన బాకీ వారమంతా తీరదు. దానిని తీర్చాలంటే రాత్రి పూట కూర్చోవాలి, లేదా చేయి వేగం పెంచాలి. నాణ్యత పడిపోయేది సరిగ్గా ఆ రాత్రి.

అదే ఇంట్లో రోజుకు 15 మాత్రమే ఒప్పుకొన్నారనుకొందాం. సోమవారం 12 అయితే మిగిలేవి మూడు. మంగళవారం 18 చేయాలి. 19 చేయగల చేతులకు అది ఇబ్బంది కాదు. సాయంత్రానికి బాకీ తీరిపోతుంది. రోజుకు నాలుగు పెట్టెల వెసులుబాటు వదులుకొన్న ఆదాయంలా కనిపిస్తుంది. అది మిగిలిన 15 పెట్టెలకు పెట్టుకొన్న కాపలా.

ఈ 15 ఎలా వచ్చిందన్నది ముఖ్యం. ఊహించి చెప్పిన అంకె కాదు. మూడు వారాలపాటు రోజూ సాయంత్రం ఎన్ని పెట్టెలు అయ్యాయో రాయాలి. అది తొందర లేకుండా చేసిన పని అయి ఉండాలి. ఆ అంకెలను పెద్దదాని నుంచి చిన్నదాని వరకు వరుసలో పేర్చాలి. ప్రతి అయిదు రోజుల్లో నాలుగు రోజులు ఏ అంకెను అందుకొన్నారో అదే ఒప్పుకోదగిన సంఖ్య. ఎక్కువ చేసిన రోజును గుర్తుంచుకొని మాట ఇవ్వడం మనిషి సహజం. పుస్తకం చెప్పేది మామూలు రోజు సంగతి. వర్షాకాలానికి మళ్లీ మూడు వారాల లెక్క విడిగా తీయాలి. వేసవి అంకె శ్రావణానికి పనికిరాదు.

నమూనా ఇంట్లో 15 పెట్టెలంటే 285 నిమిషాలు. అంటే ఉన్న 360 నిమిషాల్లో అయిదింట నాలుగు వంతులు. ఆర్డర్ల పుస్తకంలో ఏ తేదీకైనా 285 నిమిషాలు నిండగానే ఆ పేజీపై గీత గీసేయాలి. ఆ తరువాత ఫోను చేసినవారికి ‘గురువారానికి కుదరదండీ, శనివారానికైతే ఇస్తాం’ అన్న సమాధానం వెంటనే చెప్పవచ్చు. పుస్తకం చూసి చెబుతున్నారు కనుక మొహమాటం ఉండదు.

దిగజారుడు ఎలా తెలుస్తుంది?

రేకు చిరగడం, పొడి రాలడం కంటికి కనిపిస్తాయి. అవి పెట్టెలోకి వెళ్లవు. ప్రమాదం కనిపించనివాటితోనే. దానిని పట్టుకోవడానికి రెండు పరీక్షలు చాలు.

మొదటిది తూకం. రోజూ మొదటి గంటలో చుట్టిన పది, చివరి గంటలో చుట్టిన పది పూతరేకులను ఒక్కొక్కటిగా త్రాసుపై పెట్టాలి. మొత్తం బరువు ఎంతన్నది ఇక్కడ ముఖ్యం కాదు. పదింటిలో అన్నింటికన్నా బరువైనదానికి, తేలికైనదానికి మధ్య తేడా ఎంతన్నదే చూడాలి. ఉదయం ఆ తేడా మూడు నాలుగు గ్రాములుండి, చివరి గంటలో ఎనిమిది, పది గ్రాములకు పెరిగితే చేయి కొలత తప్పుతున్నట్లు. నెయ్యి, పొడి ఒకదానిలో ఎక్కువ, మరోదానిలో తక్కువ పడుతున్నాయి. ఏ ఒక్క పూతరేకునూ చెడిందని అనలేం. కాని పెట్టె తెరిచినవారికి ఒకటి తీపిగా, మరొకటి చప్పగా తగులుతుంది.

రెండోది సాక్షి పెట్టె. వారానికి ఒక రోజు, బాగా పని ఉన్న రోజున, చివరి గంటలో చుట్టిన ఒక పెట్టెను అమ్మకుండా మూతపెట్టి ఇంట్లోనే ఉంచాలి. పార్సిలు కొనుగోలుదారుకు చేరి ఆయన తెరిచేందుకు ఎన్ని రోజులు పడుతుందో అన్ని రోజులు, మామూలుగా నాలుగైదు రోజులు ఆగి, దానిని ఇంటివారే తెరవాలి. చుట్టిన వెంటనే అన్నీ బాగానే ఉంటాయి. తడి ఎక్కువ పెట్టిన రేకు సాగడం, నెయ్యి ఒక పక్కకు దిగి కాగితం తడవడం, బెల్లం చెమర్చి రేకును కరిగించడం తరువాతే బయటపడతాయి. తయారీదారులు సాధారణంగా తమ సరుకును అప్పటికప్పుడు రుచి చూస్తారు. కొనుగోలుదారు ఎప్పుడూ ఆ స్థితిలో తినడు.

ఈ రెండు పరీక్షల్లో ఏది చెడుగా వచ్చినా మరుసటి వారం ఒప్పుకొనే సంఖ్యను రెండు పెట్టెలు తగ్గించి చూడాలి. తేడా మళ్లీ ఉదయపు స్థాయికి వస్తే సంఖ్యే కారణమని అర్థం. సంఖ్య తగ్గించినా తేడా అలాగే ఉంటే కారణం వేరే ఉంది. కొత్త నెయ్యి, మారిన బియ్యం, పాతబడిన గుడ్డ, కొత్త మనిషి వీటిలో ఏదో ఒకటి. అలాంటప్పుడు ఆర్డర్లు వదులుకోవడం వల్ల ప్రయోజనం ఉండదు.

సంఖ్య పెంచాలన్నా ఇదే పద్ధతి. ఒక వారం రెండు పెట్టెలు పెంచి, తూకం తేడా, సాక్షి పెట్టె చూసి, బాగుంటేనే మరో రెండు. ఒకేసారి పది పెంచితే ఎక్కడ చెడిందో తెలుసుకొనే వీలుండదు.

పెళ్లి ఆర్డరు: 60 పెట్టెలు

ఈ లెక్కలు నిజంగా అక్కరకు వచ్చేది పెద్ద ఆర్డరు వచ్చినప్పుడే. ఆదివారం సాయంత్రం ఫోను వచ్చింది. శనివారం పెళ్లి, 60 సాదా పెట్టెలు కావాలి. ఇంట్లో రోజూ తొమ్మిది పెట్టెల మామూలు ఆర్డర్లు అప్పటికే ఒప్పుకొని ఉన్నాయి. సోమవారం నుంచి శుక్రవారం వరకు అయిదు రోజులు. రోజుకు 12 చొప్పున అయిదు రోజులకు 60 అయిపోతాయి కదా అనిపిస్తుంది. పుస్తకం తెరిస్తే వేరే జవాబు వస్తుంది.

తొమ్మిది మామూలు పెట్టెలకు 171 నిమిషాలు పోతే 285లో మిగిలేవి 114. అందులో ఆరు పెట్టెలు. అయిదు రోజులకు 30. మిగిలిన 30 ఎలా?

ఇక్కడ రేకుకున్న ఒక గుణం పనికొస్తుంది. చుట్టిన పూతరేకును ఎక్కువ కాలం ఉంచడం కష్టం. వట్టి రేకు మాత్రం గాలి చొరబడని డబ్బాలో తేమ తగలకుండా ఉంటే చాలా రోజులు నిలుస్తుంది. అంటే రేకులను ముందుగా తీసి దాచుకొని, ఒత్తిడి ఉన్న రోజుల్లో రేకు తీసే మనిషిని కూడా చుట్టడానికి కూర్చోబెట్టవచ్చు. ఆమె గంటకు 24 చుడుతుందనుకొంటే మూడు గంటలకు 72, అంటే ఏడు పెట్టెలు. వెసులుబాటు వదిలి అయిదు అనుకోవాలి. బుధ, గురు, శుక్రవారాల్లో ఇలా చేస్తే 15 పెట్టెలు పెరుగుతాయి. 30కి 15 కలిపితే 45.

ఇక రేకులు చాలుతాయో లేదో చూడాలి. సోమ, మంగళవారాల్లో రోజుకు 562 చొప్పున 1,124 రేకులు వస్తాయి. ఆ రెండు రోజుల్లో రోజుకు 15 పెట్టెలకు 300 చొప్పున 600 వాడితే 524 మిగులుతాయి. తరువాతి మూడు రోజులు కుండ వెలగదు. రోజుకు 20 పెట్టెలకు 400 చొప్పున 1,200 రేకులు కావాలి. లోటు 676. డబ్బాలో ముందే సుమారు 700 మంచి రేకులు నిల్వ ఉంటేనే 45 పెట్టెలకైనా మాట ఇవ్వాలి. లేకుంటే రేకులు మాత్రమే తీసి అమ్మే ఇళ్ల నుంచి కొనాలి. కొనే ముందు ఆ దొంతరలో మధ్య నుంచి పది రేకులు తీసి వెలుతురుకు పట్టి చూడాలి. మందం ఒకేలా ఉండి, చిల్లులు లేకుంటేనే తీసుకోవాలి.

కనుక పెళ్లివారికి చెప్పాల్సిన మాట ‘45 ఇవ్వగలం, 60 ఇవ్వలేం’ అని. మిగిలిన 15 పెట్టెలు మరో ఇంటి నుంచి ఇప్పించవచ్చు. ఆ సంగతిని పెళ్లివారికి ముందే చెప్పాలి. వేరే ఇంటి సరుకును తమ పెట్టెలో సర్ది ఇస్తే దాని మంచిచెడులకు తమ పేరే బాధ్యత వహించాల్సి వస్తుంది. ఒకవేళ పెళ్లివారు సగం చక్కెరవి, సగం బెల్లానివి కోరితే చక్కెరవాటిని ముందు రోజుల్లో చుట్టి, తేమను త్వరగా పట్టే బెల్లానివాటిని గురు, శుక్రవారాలకు ఉంచుకోవాలి.

కొత్త చేయి వెంటనే కలవదు

ఆర్డర్లు పెరిగినప్పుడు మరొకరిని చేర్చుకొంటే సరిపోతుందని భావిస్తారు. పండగకు వారం ముందు చేర్చుకొన్న మనిషి వల్ల మొదటి రోజుల్లో పెట్టెలు పెరగవు సరికదా, తగ్గుతాయి. ఆమెకు నేర్పేందుకు, ఆమె చుట్టినవి సరిచూసేందుకు గంటకు 36 చుట్టే ఇల్లాలి సమయం పోతుంది. కొత్తామె గంటకు 12 చుట్టి, ఇల్లాలు 36 నుంచి 22కు తగ్గితే మొత్తంలో రెండు తగ్గినట్లే. కొత్తవారిని పండగకు నెలన్నర ముందే, పని పలుచగా ఉన్నప్పుడు చేర్చుకోవాలి. వారి చివరి గంట తూకం తేడా పాతవారితో సమానమయ్యాకే వారి నిమిషాలను పుస్తకంలో కలపాలి. అంతవరకు ఆ పేరు ఎదుట సున్నా రాసుకోవడమే సరైన లెక్క.

పుస్తకంలో రోజుకు రాయాల్సినవి నాలుగే. తీసిన రేకులు, పోయిన రేకులు, అయిన పెట్టెలు, చివరి పదింటి తూకంలో తేడా. పడుకొనే ముందు అయిదు నిమిషాల పని. మూడు వారాలు నిండాక అందులోంచి వచ్చే అంకెను ఫోను పక్కన గోడపై పెద్ద అక్షరాలతో రాసి ఉంచుకొంటే, ఫోను ఎవరు ఎత్తినా ఒకే మాట చెబుతారు.